బావగారి రెండు లక్షలు, పిన్ని లక్ష: టిఫిన్ సెంటర్ అప్పు తీర్చిన పద్ధతి

ఇంట్లోవాళ్ల డబ్బుతో టిఫిన్ సెంటర్ పెట్టినప్పుడు నేను ముందు తేల్చుకోవాల్సింది లెక్క కాదు, మాట. నాన్న లక్షన్నర ‘ఇచ్చాను’ అన్నారు. పిన్ని లక్ష ‘సర్దాను’ అంది. బావగారు రెండు లక్షలు ‘పెట్టాను’ అన్నారు. ఈ చివరి మాటతోనే చిక్కు. పెట్టినవాళ్లు లాభంలో వాటా అనుకుంటారు, తీసుకున్నవాళ్లు అప్పు అనుకుంటారు. అడిగితే బావగారు అప్పే అన్నారు. పిన్నికీ ఆయనకూ నూటికి రూపాయి వడ్డీతో ప్రోనోటు రాసిచ్చాను. నాన్నది తిరిగివ్వక్కర్లేదని ఆయన చేతే ఒక కాగితం మీద రాయించాను.

పిన్ని నగదే ఇస్తానంది. ఇరవై వేలు, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకున్నా, తీర్చినా ఆదాయపు పన్ను చట్టం కింద అంత మొత్తమూ జరిమానా పడే వీలుంది. అందుకే బ్యాంకు ద్వారానే వేయించుకున్నాను.

తర్వాత కొట్టు పేరున కరెంటు ఖాతా తెరిచి, గల్లా దగ్గరి క్యూఆర్ కోడ్‌ను దానికే కలిపాను. అంతకుముందు రెండు నెలలు అన్నీ నా సేవింగ్స్ ఖాతాలోనే నడిచాయి. ఆ స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని ఒక్కో వరుస పక్కన ‘ఇల్లు’, ‘కొట్టు’ అని రాసుకుంటూ పోతే తేలింది: లాభం అనుకున్నదాంట్లో నా కష్టానికి కూలి తీయనే లేదు. అప్పటినుంచి ఒకటో తారీఖున ఇంటికి 18,000 పంపి, మళ్లీ గల్లా ముట్టడం మానేశాను. కొట్టు నుంచి ఇంటికెళ్లిన మినప్పప్పు కూడా ‘సొంత వాడకం’ కింద రాస్తాను. పన్ను లెక్కలో మాత్రం ఈ 18,000 ఖర్చు కాదు, అది లాభంలో భాగమే. అప్పు మీద కట్టిన వడ్డీ ఖర్చు కిందికి వస్తుంది.

తీర్చడానికి నెలకు 15,000 మిగిలింది. మొదటి నెల వడ్డీ బావగారికి 2,000, పిన్నికి 1,000. మిగతా 12,000 అసలుకు, బాకీల నిష్పత్తిలోనే: ఆయనకు 8,000, పిన్నికి 4,000. రెండో నెల వడ్డీ 1,920, 960కి దిగింది. దిగినంతా అసలుకే చేర్చాను. గట్టిగా అడిగినవాళ్లకు ముందు ఇచ్చేస్తే, మొహమాటపడి ఊరుకున్నవాళ్లే నష్టపోతారు. మన ఇళ్లలో ఆ ఊరుకునేది ఎక్కువగా పిన్నిలాంటివాళ్లే. అది నాకు అన్యాయమనిపిస్తుంది.

మధ్యలో బావగారికి కూతురి కాలేజీ ఫీజుకు 30,000 ఒకేసారి కావాల్సివచ్చింది. ముందు పిన్నికి చెప్పి, ఆవిడ సరేనన్నాకే ఆయనకిచ్చాను. తర్వాతి నెలల్లో ఆయన అసలు భాగం ఆపి పిన్నికి మళ్లించాను, బాకీలు మళ్లీ రెండుకు ఒకటి నిష్పత్తికి వచ్చేదాకా.

కట్టిన ప్రతిసారీ నోటు వెనక తేదీతో చెల్లు వేసి సంతకం పెట్టాను. నోటు మీద కోర్టుకెళ్లడానికి మూడేళ్లే గడువు. గడువు లోపల నా సంతకంతో పడ్డ చెల్లు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. ఆ సంతకం అప్పిచ్చినవాళ్లకు రక్షణ. ఆఖరి వాయిదా అయ్యాక నోటు వెనక్కి తీసుకుని, పూర్తిగా ముట్టినట్టు వాళ్ల సంతకం తీసుకున్నాను.