కోవిడ్ తర్వాత పడకగదిలో ఏం మారింది

2021 మే నెలలో నాకు కోవిడ్ గట్టిగానే వచ్చింది. విశాఖలో ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్, స్టెరాయిడ్లు ఇచ్చి పంపారు. జ్వరం, దగ్గు పోయాయి గానీ నీరసం వదల్లేదు. రెండో అంతస్తులోని మా ఇంటికి వెళ్లేలోపు మధ్యలో ఆగి రెయిలింగ్ పట్టుకోవాల్సి వచ్చేది. కోరిక అన్నది అసలు లేదు. ఎప్పుడైనా ప్రయత్నించినా అంగం సగంలోనే మెత్తబడిపోయేది. మా ఆవిడ "ఏమండీ, నామీద కోపమా?" అని అడిగాకే డాక్టర్ దగ్గరికి వెళ్లాను.

ఆయన ముందు అడిగింది ఒకటే: "తెల్లవారుజామున లేచేసరికి గట్టిపడి ఉంటోందా?" ఉంటోంది, కానీ మునుపటంత కాదు. అసలు ఉందంటే నరాలు, రక్తనాళాలు పనిచేస్తున్నట్టేనన్నారు. వైరస్ రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీయగలదట. అంగంలోని నాళాలు సన్నవి కాబట్టి ఆ లోపం అక్కడ త్వరగా బయటపడవచ్చు. పెద్ద జబ్బు చేసినప్పుడు మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ కూడా పడిపోతుంది. ఈ రెండింటి మీద టెన్షన్ వచ్చి కూర్చుంటుంది.

టెస్టోస్టిరాన్ పరీక్ష పొద్దున పదిలోపు, పరగడుపున చేయించమన్నారు. సాయంత్రానికి ఆ హార్మోన్ సహజంగానే తగ్గుతుంది. నాకు 240 వచ్చింది. సాధారణంగా 300 కంటే తక్కువైతే తక్కువ కింద లెక్క. స్టెరాయిడ్లు వాడాను కాబట్టి షుగర్ కూడా చూశారు, బాగానే ఉంది.

ఇంజెక్షన్ వేయించుకుంటే సరిపోతుందని తెలిసినవాళ్లు సలహా ఇచ్చారు. డాక్టర్ ఒప్పుకోలేదు. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఇస్తే వృషణాలు తమ పని తగ్గించేస్తాయి, వీర్యకణాలు పడిపోతాయి. మేము రెండో బిడ్డ కోసం చూస్తున్నాం. పైగా జబ్బు నుంచి కోలుకుంటున్న మనిషికి ఒక్క పరీక్షతో లోపమని తేల్చకూడదట. కొన్ని నెలలాగి మళ్లీ చేస్తే 390 వచ్చింది, ఏ మందూ లేకుండానే.

ఇబ్బంది పెట్టింది నడక. ఆర్కే బీచ్‌లో ఉత్సాహంగా కాళీమాత గుడి దాకా వెళ్లి వస్తే, ఆ రోజు బాగానే ఉండేది, మర్నాడు మంచం దిగలేకపోయేవాణ్ని. మర్నాడు కుప్పకూలితే నిన్నటి నడక ఎక్కువైనట్టే, సగానికి తగ్గించండి అన్నారు డాక్టర్. అలా తగ్గించి, ఒంటికి పడ్డాకే కొంచెం కొంచెం పెంచాను.

ముందు మెట్లు సులువయ్యాయి. తర్వాత తెల్లవారుజాము గట్టిదనం వచ్చింది. కోరిక ఆ తర్వాత మెల్లగా వచ్చింది. ధైర్యం కోసం, అంగం గట్టిపడటానికి వాడే సిల్డెనాఫిల్ మాత్ర తక్కువ డోసులో కొన్నాళ్లు రాశారు. గుండెకు నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు దాన్ని ముట్టుకోకూడదని, మెట్లెక్కేటప్పుడు ఛాతీ పట్టేస్తే ముందు గుండె పరీక్ష చేయించుకోవాలని మరీ మరీ చెప్పారు. ఆ మాత్ర ఇప్పుడు వాడటం లేదు. వరసగా నైట్ డ్యూటీలు పడిన వారం మాత్రం కొంచెం తేడా చేస్తుంది, రెండు రాత్రులు నిద్రపోతే సర్దుకుంటుంది.