పర్లాకిమిడి నుంచి పసిఫిక్‌కి 42 నిమిషాలు

ఈ సంచికకి నేను రాయదలచుకున్నది ప్లస్ టూలో మన ఫిజిక్స్ మాస్టారు చెప్పిన ఒక్క పాఠం గురించే. పుస్తకం ఇంగ్లిషులో ఉండేది. పర్లాకిమిడి పిల్లల్లో చాలామంది ఇళ్లలో తెలుగే కాబట్టి, చిక్కుముడి దగ్గరికి రాగానే ఆయన తెలుగులోకి దిగిపోయేవారు.

ఆ రోజు బోర్డు మీద పెద్ద సున్నా చుట్టి, నడిమధ్య నుంచి ఒక గీత గీశారు. "మన ఊళ్ళో మొదలెట్టి భూమి కేంద్రం మీదుగా అవతలికి సొరంగం తవ్వేశాం. గాలి లేదు, ఘర్షణ లేదు. రాయి వదిలితే ఏమవుతుందర్రా?" అవతలి కొస పెరూకి పడమరగా పసిఫిక్ సముద్రంలో తేలుతుంది.

ముందు బెంచీ అమ్మాయి లేచి, "కేంద్రంలో దూరం సున్నా కదా మాస్టారూ, బలం అనంతం అయిపోదా?" అంది.

పాఠమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. గురుత్వాకర్షణకి వాడే GM/r² సూత్రంలో r అంటే కేంద్రం నుంచి దూరం, M అంటే మొత్తం భూమి ద్రవ్యరాశి. మనం బయట ఉన్నంతవరకే అది చెల్లుతుంది. లోపలికి దిగాక మనకి పైనున్న పొర లెక్కలోకే రాదు. ఎందుకు రాదో చూపించడానికి ఆయన ఒక పలుచని బోలు గోళం గీసి, లోపల ఒక పక్కగా చుక్క పెట్టారు. ఆ చుక్క నుంచి ఎదురెదురు దిక్కులకి రెండు సన్నని శంకువులు గీశారు. ఒక వైపు పొర దగ్గరగా ఉంది, రెండో వైపు దానికి మూడింతల దూరంలో ఉంది. దూరపు శంకువు కోసే ముక్క వైశాల్యం 9 రెట్లు, కాబట్టి ద్రవ్యరాశీ 9 రెట్లే. కానీ దూరం మూడింతలు కావడంతో ఆకర్షణ 9వ వంతుకి పడిపోతుంది. రెండు లాగుళ్ళూ సరిసమానం. ఏ దిక్కున గీసినా ఇదే లెక్క, కాబట్టి పొర మొత్తం లాగుడు సున్నా.

ఇక లాగేది మన కాళ్ళ కిందున్న గోళమొక్కటే. సాంద్రత అంతటా ఒకటే అయితే దాని ద్రవ్యరాశి r³ ప్రకారం తగ్గుతుంది, r² తో భాగిస్తే r మిగులుతుంది. అంటే క్షేత్ర తీవ్రత g నేల మీద 9.8, సగం లోతులో 4.9, కేంద్రంలో సున్నా. బయట అదే 4.9 కావాలంటే సుమారు 2,640 కిలోమీటర్లు పైకెళ్ళాలి.

లాగుడు ఎప్పుడూ కేంద్రం వైపే, అదీ దూరానికి అనులోమంగా. అంటే లోలకంలా అటూ ఇటూ ఊగే సరళ హరాత్మక చలనం. T = 2π√(R/g) లో R కి భూమి వ్యాసార్ధం, g కి నేల మీది విలువ వేస్తే రానూపోనూ 84 నిమిషాలు వస్తుంది. అందులో సగం, 42 నిమిషాల్లో రాయి అవతలి కొస చేరి, ఒక్క క్షణం ఆగి వెనక్కి మళ్ళుతుంది. కేంద్రం దాటేటప్పుడు దాని వేగం సెకనుకి 7.9 కిలోమీటర్లు.

నిజమైన భూమికి ఇనుప గర్భం ఉంది, అది పై పొరలకన్నా చాలా సాంద్రం. అందుకే సుమారు 2,900 కిలోమీటర్ల లోతు వరకు g తగ్గకపోగా 10.7 దాకా పెరుగుతుంది, ప్రయాణం 38 నిమిషాలకి కుదించుకుంటుంది. పైగా భూమి తిరుగుతోంది కాబట్టి మన ఊరి సొరంగంలో వదిలిన రాయి తూర్పు గోడకి రాసుకుంటుంది. గోడ తగలకుండా పడాలంటే ధ్రువం నుంచి ధ్రువానికి తవ్వాల్సిందే.