వర్క్‌షాప్ నగదు బడ్జెట్: జులైలో తగ్గిన 1,91,000 ఎక్కడుంది?

దొరికింది! రెండు నెలలుగా నన్ను నిద్రపోనివ్వని తేడా నిన్న రాత్రి దొరికింది. ఎవరూ డబ్బు ఎగ్గొట్టలేదు, ఎవరూ ఆలస్యం చేయలేదు, అక్క రాసిన బిల్లుల్లో తప్పు లేదు. అయినా జులైలో రావాల్సిన 6,04,000కి వచ్చింది 4,13,000. ఇది ఎలా జరుగుతుందో అంకెలతో సహా రాసిపెట్టుకోవాలనిపించింది.

కొత్తగా చదివేవాళ్లకి రెండు ముక్కలు. విజయవాడ ఆటోనగర్‌లో మా బావకి చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. లారీ బాడీలు కట్టేవాళ్లకి బ్రాకెట్లు, హింజిలు, డోర్ ఫ్రేములు చేసిస్తారు. ఐదుగురు పనివాళ్లు. అమ్మకాలు దాదాపు అన్నీ అరువే. సెలవు రోజుల్లో షీట్లు కట్టుకోవడం నా సరదా కాబట్టి, ఆ షెడ్డుకి నగదు బడ్జెట్ కట్టే పని నేనే అడిగి తీసుకున్నాను. లిబ్రే ఆఫీస్ కాల్క్‌లోనే చేస్తున్నాను. ఎక్సెల్ కొనాల్సినంత పని ఇందులో లేదు. లెక్కలు టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. టాలీ జరిగిపోయిన దాన్ని చక్కగా చూపిస్తుంది కానీ, వచ్చే నెల 20న చేతిలో ఎంత ఉంటుందో తెలుసుకోవడానికి నాకు షీటే హాయి.

ఖర్చుల వైపు ఈసారీ సరిగ్గానే కుదిరింది. ఇనుము కొట్టువాళ్లకి సరుకు దింపిన నెలలో 40 శాతం, మరుసటి నెలలో 60 శాతం. జులైలో అనుకున్నదానికీ ఇచ్చినదానికీ తేడా రెండు వేల లోపే.

మొండికేసింది వసూళ్ల వైపు. మార్చి నుంచి మే దాకా చక్కగా నడిచిన శాతాలు ఇవి: బిల్లు వేసిన నెలలోనే 32 శాతం, మరుసటి నెలలో 40, రెండో నెలలో 24, మూడో నెలలో 4. బిల్లుల మొత్తాలు జీఎస్టీతో కలిపి ఏప్రిల్‌లో 5,00,000, మేలో 5,00,000, జూన్‌లో 6,00,000, జులైలో 7,00,000. జులై వసూలుకి షీటు వేసిన లెక్క: జులై బిల్లుల నుంచి 2,24,000, జూన్‌వి 2,40,000, మేవి 1,20,000, ఏప్రిల్‌వి 20,000. మొత్తం 6,04,000. జూన్‌లోనూ 5,32,000 రావాల్సింది 4,64,000 వచ్చింది. అప్పుడు 68,000 తేడా, జులైకి అది 1,91,000. అమ్మకాలు పెరిగేకొద్దీ వసూళ్లు తగ్గుతున్నాయి. అదే నాకు మింగుడుపడలేదు.

మొదట జీఎస్టీని అనుమానించాను. అమ్మకాన్ని పన్ను లేకుండా తీసుకుని, వసూలును పన్నుతో కలిపి చూస్తే 18 శాతం తేడా వస్తుంది. కానీ అప్పుడు షీటు తక్కువ చూపించాలి, ఇక్కడ ఎక్కువ చూపిస్తోంది. పైగా నేను మొదటి నుంచీ బిల్లు మొత్తమే వాడుతున్నాను. ఆ తర్వాత చెక్కుల మీద అనుమానం వచ్చింది. జులై 31న బ్యాంకులో వేసి ఆగస్టులో పాసైనవి రెండే, కలిపి 14,000. 1,91,000కి అదెక్కడ సరిపోతుంది? పార్టీలు డబ్బు బిగపడుతున్నారేమోనని బావని అడిగితే, ‘అందరూ ఎప్పటిలాగే ఇస్తున్నారు కదరా’ అన్నాడు. టాలీలో బాకీల వయసు చూస్తే ఆయన మాటే నిజం. చిన్న పార్టీలలో ఎవరి బిల్లూ మూడో నెలలోకి పోలేదు.

ఇక మిగిలిన దారి ఒక్కటే: నెల వసూలు మొత్తాన్ని చూడడం మానేసి, ఒక్కో నెలలో వేసిన బిల్లులకి ఎప్పుడెప్పుడు ఎంత వచ్చిందో విడిగా పట్టుకోవడం. ఇక్కడ టాలీ కొంచెం ఏడిపించింది. వచ్చిన డబ్బులో చాలాభాగాన్ని ఫలానా బిల్లుకని చూపకుండా ఆన్ అకౌంట్‌లో వేశారు. అలా వేస్తే పార్టీ బాకీ సరిగ్గానే తగ్గుతుంది కానీ ఏ నెల బిల్లు తీరిందో తెలియదు. అక్క పక్కన కూర్చుని, రసీదు పుస్తకం చూస్తూ ఒక్కొక్కటీ బిల్లుకి జతచేశాం. మీరు ఈ పని మొదలుపెట్టేటట్టయితే ముందు ఆ అలవాటు మార్పించండి. వసూళ్ల శాతం కట్టాలంటే బిల్లువారీ లెక్క లేకుండా కుదరదు.

జతచేశాక బయటపడింది ఇది. మే బిల్లులు 5,00,000లో అదే నెలలో 32 శాతం, జూన్‌లో 40, జులైలో 24 వచ్చాయి. పాత శాతాలు పొల్లుపోలేదు. జూన్ బిల్లులు 6,00,000లో మాత్రం అదే నెలలో 20 శాతం, జులైలో 25 శాతమే. జులై బిల్లులకైతే అదే నెలలో వచ్చింది 17 శాతం. అంటే విరిగింది జూన్ బిల్లుల దగ్గర. పాత బిల్లుల వసూలు బాగానే ఉంది.

జూన్‌లో ఏం మారిందని బిల్లుల పుస్తకం తిరగేస్తే ఒక్క పార్టీ కనిపించింది. ఊరి బయట పెద్ద బాడీ బిల్డింగ్ యూనిట్. మే దాకా వాళ్లకి నెలకి లక్ష రూపాయల సరుకు వెళ్లేది, జూన్‌లో 3,00,000, జులైలో 4,00,000 వెళ్లింది. బావ సంబరపడ్డ ఆర్డరు అదే. వాళ్లు 60 రోజులకి ఇస్తారు, నెలలో ఒకే రోజున, 27న. 25 దాటాక అందిన బిల్లు తర్వాతి విడతకి పోతుంది. కాబట్టి రెండో నెలలో 80 శాతం, మూడో నెలలో 20 శాతం, అంతకుముందు సున్నా. ఆటోనగర్‌లోని చిన్న పార్టీలు కలిపి చూస్తే అదే నెలలో 40, మరుసటి నెలలో 50, రెండో నెలలో 10 శాతం ఇస్తారు.

ఇప్పుడు పాత 32 శాతం ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. చిన్న పార్టీల వాటా 80 శాతం ఉన్నప్పుడు 40లో 80 శాతం అంటే 32. మిగతా శాతాలూ అలా కలిసి పుట్టినవే. నేను వాడుకుంటున్నది రెండు వేర్వేరు అలవాట్ల సగటు. పెద్ద పార్టీ వాటా 20 శాతం నుంచి జూన్‌లో 50కి, జులైలో 57కి పెరిగేసరికి సగటు కూలిపోయింది. రెండు గుంపుల్లో ఎవరి అలవాటూ మారలేదు. 1,91,000 పోలేదు, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోకి జరిగింది.

విడదీసి వేస్తే జులైకి 4,10,000 వస్తుంది, నిజంగా వచ్చింది 4,13,000. జూన్‌కి 4,60,000, వచ్చింది 4,64,000. ఈ రెండు వరసలు చూసినప్పుడు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

షీటులో B నుంచి F దాకా ఏప్రిల్ నుంచి ఆగస్టు. 5వ వరసలో చిన్న పార్టీల బిల్లులు, 6వ వరసలో పెద్ద పార్టీవి. J నుంచి M దాకా శాతాలు, 2వ వరస చిన్నవాళ్లకి, 3వ వరస పెద్దవాళ్లకి. ఆగస్టు వసూలు:

```
=$J$2*F5+$K$2*E5+$L$2*D5
=$L$3*D6+$M$3*C6
```

ఆగస్టులో చిన్నవాళ్ల బిల్లులు 3,50,000, పెద్దవాళ్లవి 2,50,000 అనుకున్నాం. మొదటి సూత్రం 3,20,000, రెండోది 2,60,000 ఇస్తుంది. మొత్తం 5,80,000. పాత పద్ధతిలోనైతే 6,36,000 చూపించేది.

చెల్లింపుల్లో ఇనుముకి 3,60,000: జులై సరుకు 4,00,000లో 60 శాతం, ఆగస్టు సరుకు 3,00,000లో 40 శాతం. జీతాలు, షెడ్డు అద్దె, కరెంటు, గ్యాసు-రాడ్లు, మెషిన్ వాయిదా, ఆటో కిరాయిలు, ఇంటికి తీసుకునే 40,000 కలిపి 2,15,000. ఇంటి ఖర్చు వర్క్‌షాప్ బడ్జెట్‌లో ఎందుకని కొందరంటారు. ఆ డబ్బు వెళ్లేది ఈ గల్లాలోంచే కాబట్టి ఉండాలని నా అభిప్రాయం. మెషిన్ తరుగుదల మాత్రం రాదు, దానికి ఎవరికీ డబ్బు ఇవ్వం.

అసలు దెబ్బ జీఎస్టీది. జులై బిల్లుల్లో పన్ను 1,06,780. ఇనుము మీద కట్టిన 61,017 పోగా 45,763 ఆగస్టు 20 లోపు కట్టాలి. ఈ పన్నుకి బిల్లు తేదీయే లెక్క, డబ్బు వచ్చిన తేదీ కాదు. పెద్ద పార్టీ జులై బిల్లుల డబ్బు సెప్టెంబరు 27న మొదలవుతుంది, వాటి పన్ను బావ అయిదు వారాల ముందే కట్టేస్తాడు. ఆర్డరు పెద్దదయ్యేకొద్దీ ఈ ఎడం కూడా పెద్దదవుతుంది.

మొదటి నిల్వ 62,000, వచ్చేది 5,80,000, పోయేది 6,20,763. నెలాఖరుకి 21,237 మిగులుతుంది. ఇది చూసి అక్క హమ్మయ్య అంది కానీ నేను ఆగమన్నాను. 20వ తేదీ లోపే ఇనుము పాత బాకీ 2,40,000, జీతాలు 90,000, అద్దె 25,000, వాయిదా 22,000, కరెంటు 18,000, జీఎస్టీ పోవాలి. అంతా 4,40,763. అప్పటికి చిన్న పార్టీల నుంచి 2,30,000 వస్తుందనుకున్నా, మొదటి నిల్వతో కలిపి 2,92,000. అంటే చిన్నాచితకా ఖర్చులు వదిలేసినా 1,48,763 తక్కువ. నెలవారీ గడిలో ఈ గొయ్యి కనపడదు. పెద్ద పార్టీ డబ్బు 27న పడగానే అదే పూడిపోతుంది. ఓవర్‌డ్రాఫ్టు పరిమితి 2,00,000 ఉంది కాబట్టి గట్టెక్కవచ్చు, అయినా ఇనుము కొట్టాయనతో సగం బాకీ 28న ఇస్తామని ఇప్పుడే మాట్లాడుకోమని బావకి చెప్పాను. 19న అడగడం కన్నా ఇప్పుడు అడిగితే మాట దక్కుతుంది.

ఇంకో పని పెట్టుకున్నాం. బావకి చిన్న పరిశ్రమగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, సరుకు అంగీకరించాక రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటి డబ్బు ఆపకూడదు. 2023లో అప్పటి ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) నిబంధన చేరాక, గడువు దాటిన బాకీని కొనుగోలుదారు ఖర్చుగా చూపుకోవాలంటే నిజంగా డబ్బు ఇచ్చిన సంవత్సరం దాకా ఆగాలి. అందుకే మార్చి దగ్గరపడితే వాళ్ల అకౌంట్స్ వాళ్లే ఈ లెక్క తీస్తారు. ఉద్యమ్ నంబరు ప్రతి బిల్లు మీదా పడేలా అక్క ఈ వారం బిల్లు నమూనా మారుస్తోంది. పెద్ద ఆర్డరు పోగొట్టుకునేలా గొడవ పెట్టుకోవడం బావకి ఇష్టం లేదు, నాకూ లేదు. 45 రోజులకి ఒప్పుకుంటే శాతాలు రమారమి మరుసటి నెలలో 50, రెండో నెలలో 50 అవుతాయి. అలా వేసి చూస్తే ఆగస్టులో వాళ్ల నుంచి 2,60,000 బదులు 3,50,000 వస్తుంది.

ఒక అనుమానం మాత్రం మిగిలింది. చిన్న పార్టీలు చాలామంది కాబట్టి ఒకరు ఆలస్యం చేసినా శాతం నిలబడుతుంది. పెద్దది ఒక్కటే పార్టీ. 2,00,000 బిల్లు ఒకటి నాణ్యత తనిఖీలో ఆగితే నా 80 శాతానికి అర్థం ఉండదు. అందుకని 3వ వరసలో శాతాలు తీసేసి, వాళ్ల బిల్లులు ఒక్కొక్కటీ తేదీతో రాసి, ఏ 27న పడుతుందో షీటు తానే లెక్క కట్టేలా మార్చబోతున్నాను. దాంతోపాటు ఆగస్టుని నాలుగు వారాలుగా విడగొట్టాలి. తేదీల సూత్రం సగం కుదిరింది, 25వ తేదీ తర్వాత బిల్లుల దగ్గర ఇంకా తర్వాతి నెలకి దూకడం లేదు.