బ్రాడ్‌కాస్ట్ అందరికీ వెళ్ళిందనుకున్నా: పచ్చళ్ళ వాట్సాప్‌తో నా అనుభవం

మాది తెనాలి. ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముతాను. ఇన్నాళ్ళూ నోటిమాట మీదే నడిచింది. ఒకరు తిని ఇంకొకరికి చెప్పడం, వాళ్ళు ఫోన్ చేయడం, నేను కొరియర్‌లో వేయడం. ఈసారి కొత్తావకాయ మొదలయ్యేలోపు వాట్సాప్‌లో కేటలాగు పెట్టుకుని, బ్రాడ్‌కాస్ట్‌తో అందరికీ ఒకేసారి కబురు వెళ్ళేలా చేసుకోవాలనుకున్నాను. మొత్తానికి అయింది. ఒళ్ళు మంట చల్లారకముందే రాసేస్తున్నా.

వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితమే. ఒక్కటి గుర్తుంచుకోండి, ఒకే నంబరు మామూలు వాట్సాప్‌లోనూ బిజినెస్‌లోనూ నడవదు. నా సీసాల మీద అచ్చయి ఉన్నది పాత నంబరే కాబట్టి, బ్యాకప్ తీసుకుని దాన్నే బిజినెస్‌లోకి మార్చేశాను. ఇంటివాళ్ళ కబుర్లకి వేరే నంబరు పెట్టుకున్నా.

కేటలాగు పెద్ద కష్టం కాదు. అయిదొందల వస్తువుల దాకా పట్టే చోట నావి పట్టుమని పాతిక కూడా లేవు. ఒక వస్తువుకి ఒకే ధర రాయగలం కాబట్టి అర కిలో ఆవకాయ, కిలో ఆవకాయ విడివిడిగా పెట్టాను. ఫోటోలు ట్యూబ్‌లైటు కింద తీస్తే ఎర్రటి ఆవకాయ తారులా కనబడుతుంది. పొద్దున్నే వరండాలో, ఎండ నేరుగా పడని చోట, తెల్ల పింగాణీ గిన్నెలో వేసి తీయండి. సీజను అయిపోయిన పచ్చడిని తీసేయకండి, దాచిపెట్టే సదుపాయం ఉంది, మళ్ళీ ఏడు తెరిస్తే చాలు. కొనేవాళ్ళు కావలసినవి బుట్టలో వేసి పంపితే మొత్తం లెక్క వచ్చేస్తుంది, కానీ అందులో కొరియర్ ఖర్చు ఉండదు. "అందులో అయిదొందల అరవయ్యే చూపించిందిగా, ఇప్పుడు ఇంకా ఎక్కువ అంటారేంటండీ" అని గొడవ పడతారు. అందుకే ప్రతి పచ్చడి వివరంలోనూ మొదటి వాక్యమే "కొరియర్ అదనం" అని రాశాను.

ఇక అసలు కథ బ్రాడ్‌కాస్ట్‌ది.

మా ఊళ్ళో ఇంటి వ్యాపారాలు చేసే ఆడవాళ్ళకి డిజిటల్ మార్కెటింగ్ నేర్పిస్తామని ఒక క్లాసు పెట్టారు. డబ్బులు కట్టి వెళ్ళాను. నేర్పే కుర్రాడు మా అబ్బాయి కంటే చిన్నవాడు. New broadcast నొక్కండి, పేర్లు ఎంచుకోండి, ఒక లిస్టులో 256 మంది దాకా పడతారు, పంపండి, అంతే అన్నాడు. నేను రాసుకున్నాను. ఇంటికొచ్చి రెండొందల పైచిలుకు పేర్లతో లిస్టు చేసి "కొత్తావకాయ సిద్ధం" అని ఫోటోతో సహా పంపాను. మాగాయకి కోసిన ముక్కలు ఎండలో ఆరబోసి వచ్చి చూస్తే నాలుగైదు జవాబులే ఉన్నాయి. ఏటా అడిగి మరీ తెప్పించుకునేవాళ్ళు కూడా ఉలుకూ పలుకూ లేరు. రేటు ఎక్కువైందేమో, పోయినేడు ఉప్పు ఎక్కువైందేమో అని రాత్రంతా నాలో నేనే కుమిలిపోయాను.

మర్నాడు ఎదురింటి ఆవిడ అడిగింది, "ఏమండీ, ఈ ఏడు ఆవకాయ పెట్టలేదా, కబురే లేదు?" అని. ఆవిడ పేరు లిస్టులో ఉంది. ఫోన్ తీసి చూపించమన్నాను. ఆవిడకి ఏ మెసేజీ రాలేదు.

తర్వాతి క్లాసులో అడిగాను. ఆ కుర్రాడు నా ఫోన్ తీసుకుని అటూ ఇటూ తిప్పి, అందరి ముందూ, "ఆంటీ, మీకు నెట్ ఆన్‌లో లేదేమో. పంపడం రాక వెళ్ళలేదంటే ఎలా?" అన్నాడు. వెనక బెంచీలో నవ్వులు. నలభై కిలోల కారం ఒంటిచేత్తో కలిపే మనిషిని, ఒక మెసేజి పంపడం రాదా నాకు!

అసలు సంగతి మా ఆడపడుచు కూతురు చెప్పింది. బ్రాడ్‌కాస్ట్ మెసేజి, మన నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్ళకి మాత్రమే వెళుతుంది. మనం వాళ్ళ నంబరు సేవ్ చేసుకుంటే చాలదు, వాళ్ళూ చేసుకోవాలి. ఎదురింటావిడ నన్ను పేరుతో పిలుస్తుంది తప్ప నా నంబరు ఆవిడ ఫోన్‌లో ఎందుకుంటుంది, గుమ్మంలోంచి కేకేస్తే సరిపోతుంటే? సేవ్ చేసుకోనివాళ్ళకి వెళ్ళలేదని మనకి ఏ హెచ్చరికా రాదు. అదే మోసం.

తెలుసుకునే దారి ఒకటుంది. పంపిన మెసేజిని నొక్కిపట్టి Info తెరిస్తే, ఎవరు చదివారు, ఎవరికి చేరింది అని పేర్లు కనబడతాయి. కొందరికి ఫోన్ ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి ఒకటి రెండు రోజులు ఆగి చూడండి. అప్పటికీ ఏ వరసలోనూ లేని పేర్లు చాలామటుకు మనల్ని సేవ్ చేసుకోనివాళ్ళవే. నా రెండొందల మందిలో చేరింది అరవై మందికి.

మరుసటి క్లాసులో ఇదే సంగతి అతనికి వినిపించాను. "అవునాంటీ, అందుకే బల్క్ సాఫ్ట్‌వేర్ వాడాలి, నా దగ్గరుంది, పదివేల నంబర్లు కూడా ఇస్తా" అన్నాడు. ముందే తెలిసి చెప్పలేదన్నమాట! అలాంటివాటి జోలికి వెళ్ళకండి. ముక్కూ మొహం తెలియనివాళ్ళు స్పామ్ అని రిపోర్టు కొడితే అకౌంటు ఆపేస్తారు, సీసాల మీద అచ్చేసిన నంబరుతో సహా పోతుంది. గ్రూపు పెట్టమని కూడా కొందరు చెబుతారు. మా వైపు ఒకావిడ పెట్టింది. సభ్యుల నంబర్లన్నీ అందరికీ కనబడతాయిగా, ఇంకో పచ్చళ్ళావిడ అవి ఎత్తుకెళ్ళి సగం రేటు చెప్పింది.

నేను చేసిందేమిటంటే, సేవ్ చేసుకునే అవసరం వాళ్ళకే కలిగించాను. డబ్బు పంపగానే "పార్శిల్ వివరాలు ఈ నంబరు నుంచే వస్తాయి, సేవ్ చేసుకోండి" అని విడిగా పంపుతాను, వెంటనే నా కాంటాక్టు కార్డు కూడా. ఎదురుచూపులో ఉన్న మనిషి అప్పుడే చేసుకుంటాడు, మామూలు రోజున చెబితే "చేస్తాలెండి" అంటాడు. ప్రతి డబ్బాలోనూ అదే మాటతో చీటీ పెడుతున్నా. పాత వాళ్ళకి మాత్రం ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను, ఎదురింటావిడకి నేనే వెళ్ళి చేసిచ్చాను. మాగాయ కబురు పంపినప్పుడు Info తెరిస్తే సగం పైగా పేర్లు వచ్చాయి, ఆ వారం పెట్టిన మాగాయ అంతా అయిపోయింది.

ఇప్పుడు లేబుళ్ళు పెట్టి మూడు లిస్టులు చేశాను: వెల్లుల్లి తినేవాళ్ళు, తిననివాళ్ళు, రొయ్యల పచ్చడి అడిగేవాళ్ళు. వెల్లుల్లి ముట్టనివాళ్ళకి రొయ్యల ఫోటో వెళ్తే వెంటనే బ్లాక్ చేస్తారు, మళ్ళీ సేవ్ చేసుకోమని అడిగే మొహం మనకుండదు. కార్తీకమాసంలో రొయ్యల లిస్టుకి ఏమీ పంపను, ఉసిరికాయ కబురు మిగతా రెండింటికీ వెళ్తుంది. ఆ క్లాసుకి కట్టిన డబ్బులు మాత్రం ఇంకా అడుగుతూనే ఉన్నాను.