పెటల్ రూపాయి, మినీ రూపాయి: నా బంగారం లెక్కల పుస్తకం, మూడో నెల

మాది ప్రొద్దుటూరు. బంగారం వ్యాపారానికి రెండో ముంబై అని పేరు పడిన ఊరు. మా బావ దుకాణంలో మధ్యాహ్నం పూట కూర్చుంటే చాలు, రేటు ఎంత పెరిగింది, ఎంత తగ్గిందన్న మాట తప్ప వేరే మాట వినపడదు. నాకు వ్యాపారం లేదు, ఉద్యోగం ఉంది. సాయంత్రం ఆరు తర్వాత సరుకుల వాయిదా వ్యాపారం జరిగే ఎంసీఎక్స్‌లో చిన్న చిన్న బంగారం ఫ్యూచర్స్, అంటే ముందు తేదీ సరుకుకు ఇప్పుడే ధర కుదుర్చుకునే కాంట్రాక్టులు, కొని అమ్మడం, ప్రతిదీ రెండు వందల పేజీల నోట్‌బుక్కులో రాసుకోవడం 2025లో మొదలుపెట్టిన అలవాటు. ఇది మూడో నెల. ఈ నెల పేజీలన్నీ ఒక్క రూపాయి చుట్టూనే తిరిగినాయి.

మొదటి వారం

పది పెటల్ లాట్లు 10,012కు కొన్నాను, 10,018కి అమ్మాను. పెటల్ అంటే వీటిలో అన్నిటికన్నా చిన్న కాంట్రాక్ట్. దాని లాట్, అంటే కొనగలిగిన కనీస బరువు, ఒక గ్రాము, ధర కూడా గ్రాముకే చెబుతారు. గ్రాముకు ఆరు రూపాయలు, పది గ్రాములకు అరవై లాభం అనుకుని సంతోషంగా పడుకున్నా. పొద్దున బ్రోకర్ పంపిన కాంట్రాక్ట్ నోట్ చూస్తే ఖర్చులే అరవై నాలుగు దాటినాయి. రేటు నేను అనుకున్న వైపే పోయింది, నాలుగు రూపాయలు నష్టం మాత్రం నాకే!

ఖర్చు ఎక్కడ పోయిందో విడదీసి రాసుకున్నా. నా బ్రోకర్ ఒక ఆర్డర్‌కు 20 రూపాయలు గానీ, విలువలో 0.03 శాతం గానీ, ఏది తక్కువైతే అది తీసుకుంటాడు. లక్ష రూపాయల సరుకుకు 0.03 శాతం అంటే 30, కాబట్టి 20 దగ్గర ఆగుతుంది. కొనడానికి, అమ్మడానికి కలిపి 40. అమ్మేటప్పుడు సరుకుల లావాదేవీ పన్ను, సీటీటీ, 0.01 శాతం, అంటే 10. ఎక్స్ఛేంజ్ చార్జీ లక్షకు 2.10 చొప్పున రెండు వైపులా 4.20. కొనేటప్పుడు స్టాంపు డ్యూటీ 2. సెబీ రుసుము 20 పైసలు. బ్రోకరేజీ, ఎక్స్ఛేంజ్ చార్జీ, సెబీ రుసుముల మీద 18 శాతం జీఎస్టీ, దాదాపు 8. మొత్తం 64.40. గ్రాముకు 6.44.

పెటల్ ధర కదిలేది రూపాయి చొప్పునే, అదే దాని టిక్. 10,018 తర్వాత 10,019, మధ్యలో ఏమీ లేదు. గ్రాముకు 6.44 ఖర్చయితే ఆరు టిక్‌లు చాలవు, ఏడు కావాలి. ఆ 44 పైసలకు నేను ఒక నిండు రూపాయి కదలిక కోసం కాచుకోవాలి.

ఇంకొకటి కూడా కనిపెట్టినా. ఇవే పది లాట్లను ఒక్కొక్కటిగా పది ఆర్డర్లలో కొని పదింట్లో అమ్మి ఉంటే, ఒక్కో ఆర్డర్‌కు బ్రోకరేజీ 3 రూపాయలు పడి, లాట్‌కు మొత్తం ఖర్చు 8.80 అయ్యేది. పదికి 88. మొదటి నెలలో నేను చేసింది అచ్చంగా అదే.

రెండో వారం

బావతో ఈ మాట చెబితే నవ్వినాడు. "మీరు రూపాయి రూపాయి అంటాండారు గానీ, యా రూపాయి అప్పా? గ్రాముకా, తులానికా?" అన్నాడు. ఆయన మాటవరసకు అన్నదే. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెరమీద `GOLDM` అని కనిపించే మినీ లాట్ 100 గ్రాములు. దాని టిక్ కూడా రూపాయే. కానీ మినీ ధర పది గ్రాములకు చెబుతారు. అంటే లక్ష మీద ఒక రూపాయి. పెటల్‌లో పది వేల మీద ఒక రూపాయి. పేరుకు రెండూ రూపాయి టిక్‌లే, పెటల్ మెట్టు మాత్రం పదింతలు ఎత్తు. లెక్క ఇలా రాసుకున్నా:

```
ఒక టిక్ విలువ = టిక్ × (లాట్ బరువు ÷ ధర చెప్పే బరువు)
GOLDPETAL : 1 × (1 ÷ 1)    = 1
GOLDTEN   : 1 × (10 ÷ 10)  = 1
GOLDM     : 1 × (100 ÷ 10) = 10
```

ఈ భాగహారం మరిచిపోయి ఒకసారి బెదిరిపోయినా. మినీ 50 రూపాయలు పడితే 100 గ్రాములు కదా అని 5,000 నష్టం అనుకుని అమ్మేసినా. పోయింది 500 మాత్రమే. గంటలో రేటు మళ్ళీ పైకి లేచింది, ఆ సంగతి వదిలేద్దాం.

గోల్డ్ టెన్ 2025 ఏప్రిల్‌లో వచ్చింది. లాట్ పది గ్రాములు, ధర పది గ్రాములకే. పది పెటల్‌లూ ఒక టెన్నూ ఒకే బరువు, ఖర్చూ అదే 64.40. కానీ పెటల్‌లో పది గ్రాముల మీద అతి చిన్న కదలిక 10 రూపాయలు, టెన్‌లో 1 రూపాయి. టెన్‌లో 65 రూపాయలు పెరిగితే నేను ఒడ్డున పడతా. పెటల్‌లో 70 కావాలి.

మూడో వారం

ఇంత తేలిన తర్వాత పెటల్ మానేసి టెన్, మినీలకు పోవాలి కదా. పోలేదు. ఎందుకంటే టిక్ చెప్పేది కొనేవాడికి, అమ్మేవాడికి మధ్య ఉండగలిగిన కనీస తేడా మాత్రమే. నిజంగా ఎంత తేడా ఉందో తెరమీదే చూడాలి. ఈ వారం రాత్రి ఎనిమిదింటికి, అమెరికా మార్కెట్ తెరుచుకుని రద్దీ ఉన్న వేళ, ఈ మూడు కాంట్రాక్టుల బిడ్, ఆఫర్, అంటే కొనేవాడు ఇస్తానన్న ధర, అమ్మేవాడు అడిగే ధర, రాసుకున్నా.

పెటల్‌లో చాలాసార్లు తేడా సరిగ్గా ఒక రూపాయి. అంతకన్నా దగ్గరికి రావడానికి దారి లేదు కాబట్టి అందరూ అదే ధర దగ్గర వరుస కడతారు. నేను 10,040కి లిమిట్ ఆర్డర్, అంటే అంతకన్నా ఎక్కువకు కొననన్న ఆర్డర్, పెడితే నా ముందు వందల లాట్లు ఉంటాయి. ఓపిక ఉంటే దొరుకుతుంది, రేటు పైకి పోయే రోజున మాత్రం దొరకదు. మినీలో తీరు వేరు. ఒక రాత్రి బిడ్‌కూ ఆఫర్‌కూ మధ్య 8 రూపాయలు ఉంది, అంటే ఎనిమిది టిక్‌లు. నేను ఒక ధర పెట్టగానే ఎవరో ఒక రూపాయి ఎక్కువ పెట్టి నా ముందు దూరుతాడు. మెట్టు అంత చిన్నది కాబట్టి వాడికి అది చౌక బేరం.

ఆ రాత్రి లెక్క: 100 గ్రాములు మార్కెట్ ఆర్డర్‌తో, అంటే అప్పుడు దొరికే ధరకే, కొని వెంటనే అమ్మితే, మినీలో తేడా 8 × 10 = 80 పోతుంది. వంద పెటల్‌లలో ఒక రూపాయి × 100 = 100 పోతుంది, అదీ అన్నీ ఒకే ధరకు దొరికితే. మిగతా ఖర్చులు రెండింటికీ ఒకటే, 219 రూపాయలు. టిక్ పదింతలున్నా నిజమైన తేడా ఇరవై రూపాయలే. టెన్‌లో అయితే మధ్యాహ్నం పూట బిడ్, ఆఫర్ చాలా దూరంగా కనిపించినాయి. చిన్న టిక్ ఉంది కదా అని అక్కడ మార్కెట్ ఆర్డర్ వేస్తే పెటల్ కన్నా ఎక్కువ పోతుంది.

అందుకని ఒక గీత గీసుకున్నా. పది గ్రాములైతే రాత్రి పూట టెన్, అదీ తేడా పది రూపాయల లోపు ఉంటేనే, లిమిట్ ఆర్డర్‌తోనే. అంతకన్నా ఎక్కువుంటే పెటల్, ఒకే ఆర్డర్‌లో. మినీకి బ్రోకర్ దగ్గర ఉంచాల్సిన మార్జిన్ డబ్బు నాకు భారం, అది చూడటానికే.

నాలుగో వారం

ఒక్క తప్పు రాసి పెట్టుకోవాలి. పెటల్‌లో స్టాప్‌లాస్ ట్రిగ్గర్, అంటే నష్టం పెరగకుండా అమ్మకం ఆర్డర్ దానంతట అదే లేచే ధర, 0.2 శాతం కింద అని కాలిక్యులేటర్‌లో లెక్కేసి 10,023.91 అని కొట్టినా. ఆర్డర్ తిరస్కరించినారు. ధర టిక్‌కు గుణిజంగా ఉండాలి. 10,023 అని సరిచేసే లోపు రేటు ఆ గీత దాటిపోయింది. ఇప్పుడు ట్రిగ్గర్ ముందే కాగితం మీద నిండు రూపాయికి దించి రాసుకుంటున్నా. సరుకు డెలివరీకి దారితీసే టెండర్ రోజులు మొదలయ్యేలోపు బయటపడాల్సిన తేదీ కూడా అదే కాగితం మీద ఎర్ర పెన్నుతో ఉంటుంది, వీటికి డెలివరీ తప్పనిసరి కాబట్టి.

వచ్చే నెల వెండి మైక్రో. లాట్ కిలో, ధర కిలోకే, టిక్ రూపాయి. మినీ ఐదు కిలోలు, పెద్దది ముప్పై, వాటికీ ధర కిలోకే. కాబట్టి వెండిలో మెట్టు ఎత్తు అన్నిటికీ ఒకటే, లాట్ బరువు మాత్రమే మారుతుంది. పుస్తకంలో కొత్త పేజీకి మూడు నిలువు గీతలు గీసి పెట్టినా.