కాటలాగ్ మీద నాలుగు ముక్కలు

నిన్న పొద్దున ఆఫీసుకి వెళ్ళేసరికి నా బల్ల మీద నలభై కాటలాగ్‌లు పేర్చి ఉన్నాయి. మాది రాజమండ్రిలో అట్టడబ్బాలు చేసే చిన్న యూనిట్. "మిఠాయి కొట్లన్నిటికీ పంపాలమ్మా. పైన పెట్టే లెటర్ కిందటేడుది ఉందిగా, తేదీ మార్చెయ్" అన్నారు ఓనర్ గారు.

తీసి చదివాను. 'సుదీర్ఘ అనుభవంతో, నాణ్యమైన ప్యాకింగ్‌ను, సరసమైన ధరలకు...' అని సాగింది. చెప్పుల కొట్టుకి పంపినా సరిపోతుంది. దాన్ని పంపినందుకు కిందటేడు మాకు వచ్చింది కొరియర్ బిల్లు ఒక్కటే.

ఒక్కరికైనా సరిగ్గా రాద్దామని ఆత్రేయపురం పూతరేకుల కొట్టుతో మొదలుపెట్టాను. పోయిన ఆదివారం అక్కడ నేతి పూతరేకులు కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే డబ్బా అడుగున అరచేయంత జిడ్డు మరక, ఒక మూల మెత్తబడి లోపలికి నొక్కుకుపోయింది. ఆ మూలన ఉన్న రెండూ పొడిపొడి. పూతరేకంటేనే కాగితం కన్నా పలచటి పొర, డబ్బా నలిగితే అదేం ఆగుతుంది? అది మామూలు డూప్లెక్స్ అట్ట: పైన తెలుపు, లోపల బూడిద రంగు. ఆ బూడిద వైపు పాత కాగితం గుజ్జుతో చేసింది, నెయ్యిని ఇట్టే పీల్చేస్తుంది. పైగా తినే వస్తువు దానికి తగలకుండా ఉంటేనే మంచిది.

మా కాటలాగ్ 23వ పేజీలో లోపల పాలిథిన్ పూత ఉన్న తెల్ల అట్ట డబ్బా ఉంది. అయినా రాసేముందు చూసుకోవాలి కదా. నిన్న సాయంత్రమే రెండు రకాల అట్టముక్కల మీద చెంచాడు చొప్పున కరిగిన నెయ్యి వేసి, ఒక్కో ముక్కని మధ్యకి మడిచి వదిలేశాను. పొద్దునకి డూప్లెక్స్ ముక్క అవతలి వైపుకి మొత్తం దిగిపోయింది. పూత ఉన్నది శుభ్రంగానే ఉంది, కానీ మడత గీత పొడవునా సన్నటి జిడ్డు చార. మడిచినచోట పూత చిట్లుతుంది, నెయ్యి అక్కడ దారి చేసుకుంటుంది.

మొదట రాసిన దాంట్లో 'మీ డబ్బాలోంచి నెయ్యి కారుతోంది' అని ఉంది. ఓనర్ గారు చదివి కళ్ళజోడు తీశారు. "వాళ్ళ కొట్టుని తిట్టి మన సరుకు అమ్ముతావా?" అన్నారు. నిజమే. మార్చి రాసింది ఇది:

"నమస్కారమండి. పోయిన ఆదివారం మీ దగ్గర నేతి పూతరేకులు కొన్నాను, చాలా బాగున్నాయి. దూరం తీసుకెళ్ళేవాళ్ళు మీకు ఎక్కువని కొట్టు దగ్గర గమనించాను. నెయ్యి త్వరగా బయటికి రాని డబ్బా, పది పూతరేకులు పట్టేది, మా కాటలాగ్ 23వ పేజీలో ఉంది. అక్కడ పసుపు చీటీ అంటించాను. రెండు ఖాళీ డబ్బాలు కూడా పంపుతున్నాను, మీ పూతరేకులే పెట్టి రెండు రోజులు చూడండి. లోపల బటర్ పేపర్ మాత్రం మానకండి, మడతల దగ్గర కాస్త నెయ్యి దిగుతుంది. మీ పేరు అచ్చు వేయించాలంటే కనీసం వెయ్యి డబ్బాలు తీసుకోవాలి. గురువారం మధ్యాహ్నం, బేరం పల్చబడే వేళకి ఫోన్ చేస్తాను."

అంతే, సగం పేజీ కూడా రాలేదు. మా మిషన్లు, మా అనుభవం ఏదీ రాయలేదు, అవి కాటలాగ్ వెనక అట్ట మీద ఎలాగూ ఉన్నాయి. వెయ్యి సంగతి ముందే చెప్పాను. ప్రింటింగ్ ప్లేట్లకి, డబ్బా కత్తిరించే డైకి అయ్యే ఖర్చు వందకైనా వెయ్యికైనా ఒకటే, వంద డబ్బాలడిగే వాళ్ళకి ఆ రేటు గిట్టదు.

మడతల వాక్యం దగ్గర ఓనర్ గారు మళ్ళీ ఆగారు. "మన లోపం మనమే చెప్పుకోవాలా?"

"రెండు రోజుల్లో వాళ్ళకే కనిపిస్తుందండి. అప్పుడు ఫోన్ ఎత్తరు."

ఆయన ఏమీ అనలేదు, సంతకం పెట్టారు. పెట్టాక, "సరే, ఇదే పేరు మార్చి మిగతా ముప్పై తొమ్మిదికీ పంపెయ్" అన్నారు!

లిస్టులో తరవాతిది తాపేశ్వరం కాజా కొట్టు. అక్కడ డబ్బాకి కారేది పాకం, నెయ్యి కాదు. పాకం అట్టకి అంటుకుంటే మూత తీసేటప్పుడు కాజా పైపొర కూడా ఊడొస్తుందని నా అనుమానం. సాయంత్రం వచ్చేటప్పుడు పావుకిలో మడత కాజా కొన్నాను. రెండు అట్టముక్కల మీద చెరొకటి పెట్టి, మా వాడికి అందకుండా బీరువా మీద పెట్టాను. మిగిలినవి ఇప్పటికే సగం అయిపోయాయి.