కలరా ఉండల చొక్కా

మూడో రోజు. చొక్కా ఇంకా దండెం మీదే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే అమ్మమ్మ ట్రంకుపెట్టె తెరిచినట్టే!

ఎర్రగడ్డ సంతలో 150కి తెచ్చా. కొనేముందు ఎండకి ఎత్తి చూశా. మోచేతుల దగ్గర, చంకల కింద వెలుతురు ఎక్కువ దూరితే బట్ట అరిగినట్టే, నాలుగు ఉతుకులకే చిరుగుతుంది. ఇది అంతటా ఒకేలా ఉంది. కుట్టు దగ్గర అటూఇటూ లాగినా పోగులు జరగలేదు. వాసన చూడ్డమే మర్చిపోయా.

రాగానే రెండుసార్లు సబ్బునీళ్లలో నానబెట్టా. ఏం లాభం? కలరా ఉండల మందు నీళ్లలో దాదాపు కరగదు, గాలికి ఆవిరై పోవాల్సిందే. ముక్క వాసనైతే ఉతికితే పోయేదేమో.

ఇప్పుడు తిరగేసి, గుండీలు విప్పి, వెచ్చటి గాలి తగిలేచోట ఆరేశా. చొక్కా అంతటా వాసన తగ్గింది. కాలర్ మడతలో మాత్రం ఇంకా ఉంది.

ఆదివారం పెళ్లికి పాత చొక్కానే.